డంప్ యార్డ్ దిగువ బావులతో పాటు ఎగువ బావినీ పరీక్షించండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

వరంగల్ శివారులో ఒక చెత్త గుట్టకు దిగువన మా ఇళ్లు, పొలాలు ఉన్నాయి. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక వ్యవసాయం చూసుకుంటున్నాను. మా బావుల నీళ్లు మారుతున్నాయని ఊరివాళ్లు మొరపెట్టుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి సీసాలో నీళ్లు పట్టుకెళ్తారు. కొన్నాళ్లకు "అన్నీ పరిమితి లోపే ఉన్నాయి" అని కాగితం వస్తుంది. అందులోని అంకెలు తప్పని నేను అనడం లేదు. మేం అడిగింది చెత్త ఊట మా బావుల్లోకి చేరుతోందా లేదా అని. ఆ కాగితం దానికి జవాబు చెప్పదు.

ఎందుకు చెప్పదో ఒక లెక్కతో చూపిస్తాను. చెత్త మీద పడిన వాన దానిలోంచి దిగి, కుళ్లు రసాన్ని కలుపుకొని నల్లగా బయటికి వస్తుంది. దాన్నే చెత్త ఊట, ఇంగ్లీషులో లీచేట్ అంటారు. అందులో క్లోరైడ్ చాలా ఎక్కువ. క్లోరైడ్‌ను మట్టి పట్టుకోదు, అది కుళ్లి పోయేదీ కాదు, నీళ్లు ఎంత దూరం పోతే అంత దూరం పోతుంది. ఉదాహరణకు, మంచి బావిలో లీటరుకు 60 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉందనుకుందాం. ఊటలో 2000 ఉందనుకుందాం. బావి నీళ్లలో 5 శాతం ఊట కలిస్తే క్లోరైడ్ 157 అవుతుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం 250 దాకా ఫర్వాలేదు. కాబట్టి రిపోర్టులో "పరిమితి లోపే" అని వస్తుంది. నిజానికి ప్రతి 20 బిందెల్లో ఒకటి చెత్త ఊట! పరిమితితో పోలిస్తే ఇది ఎన్నటికీ బయటపడదు. గుట్టకు ఎగువన, అదే రాతిలో, అలాంటి పొలాలు, ఇళ్ల మధ్యే ఉన్న బావిలో 60 ఉండి, దిగువ బావిలో 157 ఉంటే అప్పుడు అర్థమవుతుంది.

ఎగువ బావి కావాలనడానికి ఇంకో కారణం ఉంది. క్లోరైడ్ సెప్టిక్ ట్యాంకుల నుంచీ వస్తుంది, పొటాషియం ఎరువుల నుంచీ వస్తుంది. ఇల్లూ పొలమూ రెండు వైపులా ఉన్నప్పుడు తేడా చూపించేది గుట్ట ఒక్కటే. అలాగే ఫ్లోరైడ్ ఎక్కువుంటే దాన్ని డంప్ యార్డ్ మీద రుద్దకూడదు, మన గ్రానైట్ రాతిలోనే అది ఉంది. మా వాదన గట్టిగా నిలబడాలంటే ఈ తేడాలు మేమే ముందు ఒప్పుకోవాలి.

నైట్రేట్ సంగతి మరీ మోసం చేస్తుంది. మన పల్లెల్లో యూరియా, మురుగు వల్ల బావుల్లో నైట్రేట్ ఎక్కువ ఉండటం మామూలే. చెత్త ఊట చేరిన చోట కుళ్లే పదార్థం నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. అది అయిపోయాక సూక్ష్మజీవులు నైట్రేట్ మీద పడతాయి. దాంతో నైట్రేట్ తగ్గుతుంది, అమ్మోనియా కనిపిస్తుంది, రాతిలోని ఇనుము కరిగి నీళ్లలోకి వస్తుంది. నైట్రేట్ ఒక్కటే చూసినవాళ్లు బావి బాగుపడిందని రాసేస్తారు. మా దగ్గర రెండు మూడు బోర్లలో నీళ్లు తెల్లగానే వచ్చి, బకెట్లో కాసేపు నిలిస్తే ఎర్రబారుతున్నాయి, పైన నూనె లాంటి పొర తేలుతోంది. తుప్పు పట్టిన పైపు వల్ల కూడా ఇలా కావచ్చు. అందుకే అమ్మోనియా, పొటాషియం, క్లోరైడ్, ఇనుము కలిపి చూడమంటున్నాను. నాలుగూ ఒకే బావిలో పెరిగితే ఇక పైపు మీద నెట్టలేం.

సీసా పట్టే పద్ధతి కూడా సరిచేయాలి సార్. ట్యాంకులో నిలిచిన నీళ్లు కాదు, మోటారు కాసేపు నడిచి బోరులో పాత నీళ్లు పోయాక వచ్చే నీళ్లు పట్టాలి. ఇనుము కోసం పట్టిన నీళ్లను అక్కడికక్కడే వడగట్టి, నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయాలి. లేకపోతే గాలి తగిలి ఇనుము సీసా అడుగున పేరుకుపోతుంది, ల్యాబ్‌కు తేటనీరే మిగులుతుంది. అమ్మోనియా సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, ఐసు పెట్టెలో తీసుకెళ్లాలి. మధ్యాహ్నం ఎండలో బండి మీద తిరిగిన సీసా ఏం చెబుతుంది?

ఏ బావులు చూడాలన్నది అంతకంటే చిక్కు ప్రశ్న. మన నేలలో పైన మట్టి, కింద మొరం, ఆ కింద బండ. మొరంలో నీళ్లు వాలు వెంట మెల్లగా కుంట వైపు, చెరువు వైపు జారతాయి. బండలో మాత్రం పగుళ్ల వెంటే పోతాయి. గుట్టకు ఆనుకొని ఉన్న బోరు శుభ్రంగా ఉండి, పగులు కలిసిన దూరపు బోరు పాడవచ్చు. కేసింగ్ పైపు సాధారణంగా మొరం దాకానే దింపుతారు, కింద బోరు బండలో వట్టిదే. పైగా వేసవిలో అందరం మోటార్లు నడిపితే నీళ్లు సహజ వాలును కూడా వదిలి బోర్ల వైపు మళ్లుతాయి. దగ్గరున్న ఒక్క బావిని చూసి ఊరంతటికీ తీర్పు చెప్పకూడదనేది ఇందుకే.

ఊట ఎంత వస్తుందంటారా? మన దగ్గర ఏడాదికి సుమారు మీటరు వాన. 10 ఎకరాల గుట్ట మీద పడిన దానిలో పావు వంతు దిగినా ఏటా కోటి లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 2 వేలు. కింద పొర ఉండి, పైపులతో తోడి శుద్ధి చేస్తే సరే. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు అడిగిందీ అదే: ల్యాండ్‌ఫిల్ కింద 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ పొర. మా ఊరి గుట్ట అంతకు ముందు నుంచే వట్టి నేల మీద పేరుకుంది. ఇప్పుడు బయోమైనింగ్ చేసి చెత్త తీసేస్తామంటున్నారు, మంచిదే. కానీ గుట్ట పోయినా మొరంలోకి దిగిన ఊట పోదు. తవ్వేటప్పుడు కొత్త వాన లోపలికి ఇంకుతుంది కూడా.

అవే నియమాలు ల్యాండ్‌ఫిల్ సరిహద్దు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భ జలాన్ని ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత పరీక్షించాలని చెప్పాయి. స్థానిక సంస్థల పనిని కలెక్టర్ మూడు నెలలకోసారైనా సమీక్షించాలనీ చెప్పాయి. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

మా విన్నపం ఇది. ఎగువన ఒకటి, దిగువన కనీసం మూడు పరిశీలన బోర్లు వేయించండి. దిగువన ఒక చోట మొరం లోతుకు ఒకటి, బండలోకి ఒకటి పక్కపక్కన ఉండాలి. చోట్లు ఖరారు చేసే ముందు భూగర్భ జల శాఖవారు నీటి మట్టాలు కొలిచి వాలు ఎటో చూడాలి. వచ్చే వానల లోపు మొదటి నమూనాలు తీస్తే తర్వాతి వాటితో పోల్చడానికి ఆధారం దొరుకుతుంది. తవ్వకానికి ముందే గుట్ట చుట్టూ కాలువ, పొర వేసిన ఊట గుంత కట్టించండి. ఫలితాలను అంకెలతో, ఎగువ బావి అంకెలు పక్కనే రాసి, గ్రామ పంచాయతీ గోడ మీద పెట్టించండి.

తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు ఉన్నాయి కదా అని కొందరు అధికారులు అంటున్నారు. మా బర్రెలు తాగేవి, కూరగాయల మడికి పారేవి, పొలం దగ్గర కూలీలు దప్పికకు తాగేవి ఈ బోరు నీళ్లే. పరీక్షలు పూర్తయ్యేదాకా ఎర్రబారుతున్న బోర్ల దగ్గర కూలీలకు, పశువులకు ట్యాంకరు నీళ్లు పంపించమని కోరుతున్నాను.

ఇట్లు,
డంప్ యార్డ్ దిగువన వ్యవసాయం చేసుకునే
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్