సోమవారం మీటింగు ముందు

అమ్మలూ,

ఇక్కడ వానలు తగ్గాయి, మేడ మీద కారడం ఆగింది. బుజ్జిగాడు మొన్న వచ్చి పోయాడు. మీ పచ్చళ్ల అమ్మకాలు మూడు నెలలుగా పడిపోయాయట, సోమవారం స్టాఫ్‌ని కూర్చోబెట్టి సోషల్ మీడియా పద్ధతి మారుస్తున్నానని చెబుతావట, రీల్స్ చేసే కుర్రాణ్ణి తీసేస్తావట. నువ్వు ఫోన్ ఎత్తవు, ఇక నాకు వాడు చెప్పిందే వేదం.

జూలై నుంచి సెప్టెంబరు అమ్మకాన్ని ఏప్రిల్-జూన్‌తో పోల్చి భయపడుతున్నావేమో చూసుకో. అది ఆవకాయ సీజను, తర్వాత ఎవరికైనా దిగుతుంది. పోయినేడు ఇవే నెలలతో పోల్చు. అప్పటికీ తక్కువే అయితే ఆ అంకె మీటింగులో మొట్టమొదట నువ్వే చెప్పు. చెప్పేటప్పుడు ఆ కుర్రాడి వంక మాత్రం చూడకు.

మీ పెదనాన్న బట్టల కొట్టు గుర్తుందా? ఒక దసరాకి మైకు కట్టిన ఆటో ఊరంతా తిప్పించాడు. ఆ అరుపు చేరని సందు లేదు, గల్లాపెట్టె మాత్రం ఎప్పటిలాగే ఉంది. గుమస్తాల మీద కేకలేశాడు, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, చివరికి సుబ్బారావు చెబితే బిల్లు రాసేటప్పుడు "మన కొట్టు గురించి ఎవరు చెప్పారండీ" అని అడిగి బిల్లు వెనకే రాయించాడు. దీపావళి అయ్యాక కట్టలు విప్పి చూస్తే ఆటో పేరు చెప్పినవాళ్ళు పదిమంది లేరు, సగానికి పైగా వీధి చివర టైలర్లు పంపినవాళ్ళే. మరుసటి ఏడు ఆటో మానేసి ఆ టైలర్లకి లైనింగ్ గుడ్డ అరువిచ్చాడు. ఆ సలహా తనదేనని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

నువ్వూ వ్యూస్ సంగతి పక్కనబెట్టి, ప్రతి ఆర్డరుకీ ఎక్కడ చూసి వచ్చారో అడిగించు. ప్రకటనకి 20,000 పెడితే 100 ఆర్డర్లు వచ్చాయనుకో, ఒక్కోదానికి 200 పడింది. సీసా మీద మిగిలేది 120 అయితే మొదటిసారి నీకు నష్టమే, ఆ మనిషి రెండోసారి వచ్చి కొంటేనే 40 చేతికొస్తుంది. అందుకని రెండోసారి కొన్నవాళ్ళెందరో వారం వారం గోడ మీద రాయించు, అందరికీ కనబడాలి.

ఫాలో కానివాళ్ళకి చేరాలంటే లైకుల కంటే ఒకరికొకరు పంపుకునేవే ఎక్కువ పనికొస్తాయని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి మొస్సేరీయే చెప్పాడు. డ్యాన్సులు చాలు. సరోజ మామిడికాయ ముక్కలు పొడిబట్టతో తుడుస్తూ, తడి ఉంటే బూజు పడుతుందని చెప్పే వీడియో తియ్యమను, అలాంటిది చూస్తే అక్క చెల్లెలికి పంపుతుంది. తీసేది ఆ కుర్రాడే, వాడికి చెయ్యి తిరిగింది, నువ్వు ఇప్పటిదాకా అడిగింది వ్యూసే కదా!

మూత దగ్గర నూనె కారిన సీసా అందుకున్నవాడికి ఏ రీలూ పనిచెయ్యదు. అలాంటి కామెంటుకి అదే రోజు జవాబు ఎవరివ్వాలో మీటింగులోనే పేరు పెట్టి చెప్పు.

మళ్ళీ లెక్చర్ అయిపోయింది, మీ అమ్మ పక్కనుంచి గొణుగుతోంది. కారప్పూస పంపింది, సోమవారం ఖాళీ కడుపుతో మాట్లాడితే నీకు తలనొప్పి వస్తుంది, రెండు ఇడ్లీలైనా తిను. స్టీలు డబ్బా బుజ్జిగాడితో తిప్పి పంపు, కుర్రాడి సంగతి ఏం చేశావో కూడా.

నాన్న