గర్భసంచి మూతి ఎర్రగా కనిపిస్తే చాలు, కాల్చేయడమేనా?

సంపాదకుడికి,

ఆర్యా,

రెండు వారాల కిందట మీ పత్రిక జిల్లా పేజీలో ఒక ఉచిత వైద్య శిబిరం గురించి వార్త వేశారు. గర్భసంచి మూతికి పుండు పడిన ఆడవాళ్లు వెంటనే వైద్యం చేయించుకోకపోతే అది క్యాన్సర్ అవుతుందని, ఆపరేషన్ ఒక్కటే శాశ్వత పరిష్కారమని అందులో రాశారు. అదే రోజు రాద్దామనుకున్నాను, ఇంటి పనుల్లో కుదరలేదు. ఈలోగా మా వీధిలో ముగ్గురు నలుగురు ఆడపిల్లలు ఆ పేపరు ముక్క పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నెల్లూరు జిల్లాలో ప్రసూతి వార్డుల్లో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నా కళ్లతో చూసిన సంగతే చెబుతాను.

చిన్న వయసు ఆడవాళ్లలో గర్భసంచి మూతి ఎర్రగా కనబడితే చాలాసార్లు అది పుండు కాదు. అక్కడ చర్మం తెగి ఉండదు, చీము ఉండదు. గర్భసంచి మూతి లోపలి దారిలో ఒకే వరుస కణాలతో పలచటి పొర ఉంటుంది. జిగురు తయారుచేసేది ఆ పొరే. బయటి వైపు ఉండే పొర అనేక వరుసలతో మందంగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. ఆ లోపలి పలచటి పొర కొంత బయటికి తిరిగి కనిపించడాన్నే డాక్టర్లు ఎక్ట్రోపియన్ అంటారు. మన పెదవిని కాస్త వెనక్కి మడిస్తే లోపలి ఎరుపు కనిపిస్తుంది చూడండి, అలాగే. పొర పలచన కాబట్టి కింద ఉన్న సన్నటి రక్తనాళాలు ఎర్రగా పైకి కనిపిస్తాయి. ఏదైనా తగిలితే చటుక్కున రక్తం చెమరుస్తుంది. జిగురు చేసే కణాలు బయటికి వచ్చాయి కాబట్టి నీళ్లలాగా, తెల్లగా ఎక్కువ పోతుంది. ఈస్ట్రోజన్ హార్మోన్ ఎక్కువగా ఉండే రోజుల్లో, అంటే పెద్దమనిషైన తర్వాతి ఏళ్లలో, కడుపుతో ఉన్నప్పుడు, గర్భనిరోధక బిళ్లలు వాడేటప్పుడు ఇది ఎక్కువగా కనబడుతుంది. చాలామందికి ఏ బాధా ఉండదు, వేరే దేనికో పరీక్ష చేయించుకున్నప్పుడు బయటపడుతుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు మొదటి మెట్టు కూడా కాదు.

మా ఆడపడుచు కూతురి సంగతి చెబితే అర్థమవుతుంది. ఇరవై ఏడేళ్ల పిల్ల, ఇద్దరు బిడ్డలు. రెండో బిడ్డకు రెండేళ్లు నిండాయి. బిళ్లలు వాడుతోంది. కొన్ని నెలలుగా నీళ్లలాగా పోతోందని, బట్ట తడుస్తోందని, దురద గానీ వాసన గానీ లేవని చెప్పింది. భర్తతో కలిసిన మర్నాడు నాలుగు చుక్కలు రక్తం కనబడుతోందని సిగ్గుపడుతూ చెప్పింది. ఊళ్లో ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకి వెళితే ముందు స్కాన్ రాశారు. కడుపు మీద తీసే స్కాన్‌లో ఈ ఎరుపు కనబడదు. ఆ మాట చెప్పకుండా డబ్బు కట్టించుకున్నారు. తర్వాత ఒక్క నిమిషం చూసి, పెద్ద పుండు ఉంది, కాల్చాలి, మళ్లీ వస్తే గర్భసంచి తీసేయాలి అన్నారు. గర్భసంచి మూతి నుంచి కణాలు తీసి, వాటిలో చెడ్డవి ఉన్నాయేమో చూసే పాప్ స్మియర్ పరీక్ష మాటే ఎత్తలేదు. యాంటీబయాటిక్ కోర్సు రాశారు, అయిపోయాక మళ్లీ అదే కోర్సు రాశారు. తగ్గలేదు, ఎందుకు తగ్గుతుంది? అక్కడ క్రిములు ఉన్నాయో లేదో ఎవరూ చూడనే లేదు కదా.

ఆ పిల్లను నేనే వెంటబెట్టుకుని తెలిసిన ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె చూసిన తీరు రాస్తాను, ఎందుకంటే చూడడంలోనే అంతా ఉంది. నెలసరి కాని రోజుల్లో రమ్మన్నారు. లోపలి భాగాన్ని తెరిచి చూసే స్పెక్యులమ్ అనే పరికరాన్ని గోరువెచ్చని నీళ్లతో తడిపి పెట్టి, మంచి లైటు వేసి, గర్భసంచి మూతి మొత్తం కనబడేదాకా ఓపికగా సర్దారు. మూతి చుట్టూ ఎర్రటి భాగం మఖమల్‌లాగా నునుపుగా ఉంది. అటూ ఇటూ దాదాపు సమానంగా ఉండి, గులాబీ రంగు పొరతో కలిసే చోట అంచు స్పష్టంగా తెలుస్తోంది. గుంట లేదు, పెచ్చు లేదు, గడ్డ లేదు. దూది పుల్ల ఆనిస్తే పైపైన సన్నగా రక్తం చెమర్చి కొద్దిసేపట్లో ఆగిపోయింది. వేలితో చూస్తే మెత్తగా ఉంది. క్యాన్సర్ అయితే సాధారణంగా ఇలా ఉండదు. గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, ముట్టుకుంటే ముక్కలై రాలుతుంది, రక్తం బాగా కారుతుంది, చాలాసార్లు దుర్వాసన కూడా ఉంటుంది.

అయినా ఆ డాక్టరమ్మ కంటితో చూసి వదిలిపెట్టలేదు. కలిసిన తర్వాత రక్తం పడుతోందంటే, ఎక్ట్రోపియన్ కళ్లెదుట కనబడుతున్నా సరే, పరీక్ష చేయకుండా దాని మీదకు నెట్టేయకూడదన్నారు. పాప్ స్మియర్ తీశారు. తీసేటప్పుడు కాస్త రక్తం వస్తుంది, కంగారు పడవద్దని ముందే చెప్పారు. ఆ ఒక్క మాటతో పిల్ల టెన్షన్ సగం తగ్గింది. క్లామిడియా లాంటి ఇన్‌ఫెక్షన్ ఉన్నా రక్తం పడుతుంది కాబట్టి స్రావం కూడా పరీక్షకు పంపారు. ఈ పిల్లకు ముప్పై ఏళ్లు నిండలేదు, ప్రభుత్వ స్క్రీనింగ్ వయసు రాలేదు కదా అని నేనంటే, స్క్రీనింగ్ ఏ బాధా లేని వాళ్లకు, బాధ ఉన్న మనిషిని ఏ వయసైనా చూడాల్సిందే అన్నారు.

రిపోర్టులు రెండూ బాగున్నాయి. కాల్చడం లేదు, ఆపరేషన్ లేదు, మందులు కూడా లేవు. బిళ్లలు ఆపి నిరోధ్ వాడుకోమన్నారు. కొన్ని నెలలకు నీళ్లు పోవడం తగ్గింది, రక్తం పడడం ఆగింది. ఆ ఎరుపు ఇప్పటికీ కొంచెం ఉంది. బాధ లేదు కాబట్టి దాన్ని అలాగే వదిలేశారు. మళ్లీ రక్తం పడితే, స్రావం వాసన వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

కాల్చడమే తప్పని నేననడం లేదు. పరీక్షలు బాగుండి, బిళ్లలు ఆపినా తగ్గకుండా, రోజుకు ఎన్నోసార్లు బట్ట మార్చుకోవాల్సినంత ఇబ్బంది ఉంటే అప్పుడు కరెంటుతో కాల్చడమో, క్రయో అనే శీతల వైద్యంతో గడ్డకట్టించడమో, సిల్వర్ నైట్రేట్ అనే మందు పూయడమో చేస్తారు. కానీ క్రయో చేశాక కొన్ని వారాలు నీళ్లు ఇంకా ఎక్కువ పోతాయి. దాదాపు నెల రోజులు భర్తకు దూరంగా ఉండాలి. కొందరికి మూతి దారి సన్నబడుతుంది. ఎరుపు మళ్లీ రావచ్చు కూడా. ఇవన్నీ చెప్పి, మనిషి ఒప్పుకున్నాకే చేయాలి. పాప్ స్మియర్ తీయకుండా కాలిస్తే, ఒకవేళ నిజంగా అక్కడ చెడ్డ కణాలుంటే అవి దొరికే అవకాశమే పోతుంది. మీ వార్తలో ఈ మాట ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. ముట్లు నిలిచిపోయిన ఆడవాళ్లలో ఆ లోపలి పొర మళ్లీ వెనక్కి పోతుంది. అందుకని యాభై అయిదేళ్ల మనిషికి రక్తం కనబడితే, ఇదంతా మామూలే అని ఎవరూ సర్దిచెప్పకూడదు. అది వెంటనే చూపించుకోవాల్సిన విషయం. చిన్న వయసు ఆడవాళ్లను భయపెట్టి ఆపరేషన్ బల్ల ఎక్కిస్తున్నాం, పెద్దవాళ్లను వేడి చేసిందని చెప్పి ఇంట్లో కూర్చోబెడుతున్నాం. రెండూ మన ఊళ్లల్లో రోజూ జరుగుతున్నవే.

అధికారులకు కూడా ఒక మాట చెప్పాలి. క్యాన్సర్‌ను ముందే పట్టుకునే జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి గర్భసంచి మూతికి పలచని ఎసిటిక్ యాసిడ్ రాసి చూడాలి. రాశాక ఒక నిమిషం ఆగాలి. అప్పుడు చూడాల్సింది తెలుపు, ఎరుపు కాదు. రెండు పొరలు కలిసే గీత దగ్గర చిక్కటి తెలుపు స్పష్టమైన అంచుతో తేలితే పాజిటివ్. ఎక్ట్రోపియన్ మీద వచ్చే పలచటి తెలుపు త్వరగా పోతుంది. నేను చూసిన శిబిరాల్లో యాసిడ్ రాయగానే చూసేసి, ఎర్రగా ఉందంటే చాలు పుస్తకంలో పాజిటివ్ రాసుకున్న వాళ్లున్నారు. వాళ్ల తప్పని నేననను. సరైన లైటు లేదు, బల్ల లేదు, తలుపుకు గడియ లేదు. బయట యాభై మంది లైన్లో ఉంటే పరీక్ష చేసే అమ్మాయి నిమిషం ఎలా ఆగుతుంది? రోజుకింతమందిని చూడాలని టార్గెట్లు ఇచ్చే పెద్దలు ఒక టార్చిలైటు, ఒక పరదా ఇవ్వలేకపోతున్నారు. ఎంతమందిని చూశారన్న లెక్క ప్రతి సమీక్షలోనూ అడుగుతారు, పాజిటివ్ అని రాసిన వాళ్లు ఆ తర్వాత ఎక్కడికి వెళ్లారో అడిగేవాళ్లు కనబడరు. చాలామంది ఆ చీటీ పట్టుకుని దగ్గర్లోని నర్సింగ్ హోంకి వెళతారు. అక్కడ ఏమవుతుందో పైన రాశాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారని తేలింది. దేశం మొత్తం మీద ముందు వరుసలో మనమే ఉన్నాం. అనవసరంగా గర్భసంచులు తీయకుండా చూడాలని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని రాష్ట్రాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ముప్పై ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకుని, దాంతోపాటు అండాశయాలు కూడా తీయించుకుని, ఒళ్లంతా సెగలతో, ఎముకల నొప్పులతో ఉప్పుటేరు పక్క రొయ్యల గుంటల్లో, వరిచేలల్లో కూలికి పోతున్న వాళ్లను నేను చూశాను. వాళ్లలో ఎంతమందికి ఆపరేషన్‌కు ముందు పాప్ స్మియర్ తీశారో జిల్లా వైద్యాధికారులు ఆస్పత్రుల రికార్డులు తెప్పించి చూడాలి.

మీరు చేయాల్సింది కూడా ఉంది. ఆ వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో, ఒక ప్రభుత్వ గైనకాలజిస్టుతో మాట్లాడి సరైన విషయం వేయండి. చిన్న వయసులో ఎరుపు కనబడితే పాప్ స్మియర్ రిపోర్టు చేతికి వచ్చేదాకా కాల్చడానికి గానీ, ఆపరేషన్‌కు గానీ సంతకం పెట్టవద్దని రాయండి. మా వీధిలో ఆ పేపరు ముక్క తెచ్చుకున్న అమ్మాయిల్లో ఒకరికి వచ్చే వారం ఆపరేషన్ డేటు ఇచ్చి ఉన్నారు. ఆ లోపు వేస్తారని ఎదురుచూస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
కావలి, నెల్లూరు జిల్లా