పాలూ జాజికాయతో ఆగే మాత్ర కాదది

సంపాదకులు గారికి,

రెండు వారాల కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన ప్రశ్న–జవాబు చదివినప్పటి నుంచీ రాయాలా వద్దా అని తటపటాయించి, చివరికి ఈ రోజు కూర్చున్నాను. నాలుగేళ్లుగా నిద్ర కోసం రోజూ రాత్రి ఆల్ప్రజోలం మాత్ర వేసుకుంటున్నానని, మానేయాలని ఉందని ఒక పాఠకురాలు అడిగారు. ఈ రాత్రి నుంచే ఆపేయమని, మనసు గట్టి చేసుకోమని, పాలలో జాజికాయ పొడి కలుపుకుని తాగమని మీ నిపుణులు సెలవిచ్చారు. పాలమీదా జాజికాయమీదా నాకేం పగ లేదు. కానీ ఆ "ఈ రాత్రి నుంచే" అన్న మాట చదివి మా అబ్బాయి మీద కేకలు వేశాను, పాపం వాడికేం సంబంధం లేకపోయినా.

ఎందుకంటే ఆ పని నేను చేసి చూశాను. మా ఆవిడ పోయిన కొత్తలో ఒక డాక్టరు పది రోజులకని 0.5 మిల్లీగ్రాముల మాత్ర రాశాడు. ఆ పది రోజుల చీటీ మీద నేను మూడేళ్లు కొన్నాను. అటు తర్వాత చీటీ కూడా అడగలేదు, నా మొహం చూసి షాపు కుర్రాడే అట్ట కత్తిరించి ఇచ్చేవాడు. ఒక రోజు తెల్లవారుజామున బాత్రూంలో తూలి పడ్డాక భయం పట్టుకుని, మిగిలిన మాత్రలన్నీ చెత్తబుట్టలో వేశాను. మొదటి రాత్రి కాసేపైనా కునుకు పట్టింది. రెండో రాత్రి కన్ను మూతపడలేదు. మూడో రాత్రి చేతులు వణుకు, ఒళ్లంతా చెమట, గుండె దడ, పక్కింటి గేటు చప్పుడైతే ఉలిక్కిపడి లేవడం. మాత్ర మొదలుపెట్టక ముందు కూడా నాకింత నిద్రలేమి లేదు. నాలుగో రాత్రి ఓడిపోయి మళ్లీ మాత్ర తెప్పించి వేసుకుంటే అరగంటలో నిద్ర. ఇక ఈ జన్మకు మాత్ర లేనిదే నిద్ర లేదని తీర్మానించుకున్నాను.

ఆ తీర్మానమే తప్పని తర్వాత పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో డాక్టరమ్మ చెప్పారు. నాకు వచ్చినదాని పేరు రీబౌండ్ ఇన్సోమ్నియా, అంటే మందు ఆపగానే తిరగబడే నిద్రలేమి. అమెరికా పరిశోధకులు 1978లోనే దీనికి పేరు పెట్టారట. మన మెదడులో బ్రేకులాంటి రసాయనం గాబా. ఈ మాత్ర ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది. ఏళ్ల తరబడి నొక్కితే మెదడు సర్దుకుని తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. అప్పుడు మాత్ర హఠాత్తుగా తీసేస్తే బండి పల్లంలో పడినట్టే. ఆల్ప్రజోలం మోతాదులో సగం సుమారు పదకొండు గంటల్లో ఒంట్లోంచి పోతుంది కాబట్టి దెబ్బ త్వరగా, గట్టిగా తగులుతుంది. ఇదే కోవకు చెందిన డయాజిపామ్ లాంటివి రోజుల తరబడి ఒంట్లో నిలిచి మెల్లగా దిగుతాయి.

పాత జబ్బు తిరగబెట్టిందా, ఇది రీబౌండా అన్నది ఎలా తెలుస్తుందని అడిగాను. ఆపిన రెండు మూడు రోజుల్లోనే మునుపటికన్నా ఎక్కువగా విరుచుకుపడి, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుముఖం పడితే రీబౌండ్. వారాలు గడిచాక, మునుపు ఉన్న తీరులోనే మెల్లగా మొదలైతే అది పాత నిద్రలేమి. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది నాలాగా నాలుగో రాత్రి ఓడిపోయారో. ఓడిపోవడం ఇంకా నయం, ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. మా నిజామాబాద్ జిల్లావాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఎర్రగడ్డ ఆసుపత్రికి చేరినవాళ్ల వార్తలు మీరే వేశారు కదా. ఆ కల్లులో కలిపే మందుల్లో ఈ ఆల్ప్రజోలం కూడా ఉంటుంది.

ఇక మానడం ఎలాగో. నేను ఆర్టీసీలో షెడ్యూళ్లు వేసినవాణ్ణి, కాబట్టి డాక్టరమ్మ కాగితం మీద గీసిన షెడ్యూలు నాకు వెంటనే నచ్చింది. 0.25 మాత్రలు తెచ్చుకుని, మాత్ర కోసే చిన్న పెట్టెలో ఒక్కోదాన్ని నాలుగు పావులు చేయాలి. నా మోతాదు 0.5 అంటే ఎనిమిది పావులు. (నెమ్మదిగా కరిగే రకమని అట్ట మీద ఉంటే మాత్రం దాన్ని కోయకూడదు, మందంతా ఒక్కసారే దిగుతుంది.) రెండు వారాలకో పావు చొప్పున తగ్గిస్తూ ఎనిమిది నుంచి ఏడు, ఆరు, ఐదు. అంతవరకూ పెద్దగా తెలియలేదు. నాలుగు దగ్గర మూడు వారాలు, ఆ తర్వాత మూడు, రెండు, ఒకటి దగ్గర నాలుగేసి వారాలు ఆగమన్నారు. పావు పావే కదా, చివర్లో ఎందుకింత నత్తనడక అని వాదించాను. ఆమె నవ్వి లెక్క చెప్పారు: ఎనిమిదిలోంచి ఒకటి తీస్తే పోయేది ఎనిమిదో వంతు, నాలుగులోంచి తీస్తే నాలుగో వంతు, రెండులోంచి తీస్తే సగం. మెదడు చూసేది ఎన్ని పావులు పోయాయని కాదు, నిన్నటి దాంట్లో ఎంత పోయిందని. అమెరికా వైద్య సంఘాలు 2025లో ఇచ్చిన సూచనలు కూడా రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఐదు నుంచి పది శాతం తగ్గించి చూడమని, రెండు వారాల్లో పాతిక శాతం దాటొద్దని అంటున్నాయి. నాకు చివర్లో ఆ హద్దు దాటక తప్పలేదు, పావుకన్నా చిన్నగా కోస్తే పొడే మిగులుతుంది. అందుకే అక్కడ వారాలు పెంచారు. మరీ ఇబ్బంది పడితే డయాజిపామ్‌కు మార్చి ఇంకా చిన్న మెట్లు వేద్దామన్నారు, ఆ అవసరం రాలేదు.

మూడు పావులకు దిగినప్పుడు మాత్రం మూడు రాత్రులు నరకం. పైకి ఎక్కొద్దు, కిందికి దిగొద్దు, అక్కడే ఉండమన్నారు. అదనంగా రెండు వారాలు అక్కడే ఉన్నాను. దాంతో పాటు పగటి కునుకు బందు, రాత్రి పదకొండున్నర దాకా మంచం ఎక్కకూడదు, నిద్ర పట్టినా పట్టకపోయినా ఐదున్నరకు లేవాలి. మొత్తం ఇరవై మూడు వారాలు పట్టింది. ఇప్పుడు మాత్ర లేకుండా ఐదున్నర గంటలు పడుకుంటున్నాను. ఇది నా షెడ్యూలు, ఇంకొకరి మోతాదుకీ వయసుకీ ఇదే సరిపోదు, వాళ్ల డాక్టరు వేయాలి.

షెడ్యూళ్ల సంగతి వచ్చింది కాబట్టి అధికారుల షెడ్యూలు గురించీ ఒక మాట. ఈ మందు డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంది. 2014 నుంచి షాపువాడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మూడేళ్లలో నా పేరు ఏ రిజిస్టరులోనూ ఎవరూ రాసినట్టు నేను చూడలేదు. ఏళ్ల తరబడి నిద్రపోయి (వాళ్లకు ఏ మాత్రా అక్కర్లేదు), ఒకనాడు హఠాత్తుగా లేచి తనిఖీలు చేస్తారు. మర్నాటి నుంచి షాపువాడు ఎవరికీ ఒక్క మాత్ర ఇవ్వడు. అంటే మీ నిపుణుల సలహాయే, జాజికాయ లేకుండా. చీటీ అడగాల్సిందే, నేను కాదనను. కానీ అడిగే ముందు రోజు, ఇన్నాళ్లూ వేసుకున్నవాళ్లు మాన్పించుకోవడానికి ఎక్కడికి వెళ్లాలో ఒక బోర్డైనా పెట్టాలి కదా.

మీరు సవరణ వేస్తే ఆ జవాబు వేసిన చోటే, అంత అక్షరాల్లోనే వేయండి. అంతకన్నా ముందు, ఆ ప్రశ్న పంపినావిడ చిరునామా మీ దగ్గర ఉండే ఉంటుంది. ఆవిడ ఆ రాత్రి నుంచే ఆపేసిందేమో, ఎలా ఉందో ఒకసారి కనుక్కోండి.

— ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి, నిజామాబాద్