పిల్లి హార్నెస్ సైజు చార్ట్, వాడకం కాగితంపై ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం వారికి,

విషయం: మీ వెస్ట్ రకం పిల్లి హార్నెస్ (సైజు ఎం) నుంచి మా పిల్లి తప్పించుకోవడం గురించి.

అయ్యా,

మేము సైనిక్‌పురిలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా పిల్లి మల్లి ఇంట్లోనే పెరిగింది. పొద్దున ఎండ ముదరకముందు దాన్ని కాసేపు కింద చెట్ల దగ్గర తిప్పుదామని మీ హార్నెస్, లీష్ ఆన్‌లైన్‌లో కొన్నాను. మల్లి బరువు 4 కిలోలు. మీ చార్ట్‌లో 3 నుంచి 5 కిలోల పిల్లికి ఎం సైజు అని ఉంది, అదే తీసుకున్నాను.

మొదటిసారి కిందికి దించిన రోజున పక్కన ఎవరో బైక్ స్టార్ట్ చేశారు. మల్లి బెదిరి, నా వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడిచింది. లీష్ బిగిసింది. మరుక్షణంలో తల, ముందుకాళ్లు బయటికి లాగేసుకుని సెల్లార్‌లోకి పరుగెత్తింది. హార్నెస్ మాత్రం బకిల్ ఊడకుండా నా చేతిలో ఉండిపోయింది. గేటు తీసే ఉంది, బయట వీధికుక్కలు ఉన్నాయి. అది ఒక కారు కింద నక్కింది కాబట్టి దొరికింది, గేటు దాటి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఇంటికొచ్చి టైలర్ టేపుతో కొలిచాను. మల్లి మెడ చుట్టుకొలత 22 సెం.మీ., ముందుకాళ్ల వెనక ఛాతీ 33 సెం.మీ. మీ హార్నెస్‌కు ఛాతీ పట్టీ బిగించుకునే వీలుంది కాబట్టి అక్కడ రెండు వేళ్లు పట్టేంత సరిగ్గా కూర్చుంది. మెడ దగ్గర మాత్రం కుట్టేసిన రంధ్రం, 27 సెం.మీ. దాన్ని బిగించే పట్టీ లేదు. పైగా లీష్ తగిలించే రింగు వీపు మధ్యలో కాకుండా మెడకు దగ్గరగా ఉంది. అందువల్ల పిల్లి వెనక్కి నడిస్తే లాగుడంతా ఆ వదులు రంధ్రం మీదే పడి, హార్నెస్ తల వైపు జారుతుంది.

కుక్కల హార్నెస్ కొలతలు పిల్లికి ఎందుకు సరిపోవో మీ డిజైన్ చేసేవారికి తెలిసి ఉండాలి. పిల్లి కాలర్‌బోన్ చాలా చిన్నది, మనకున్నట్టు ఇతర ఎముకలకు అతుక్కుని ఉండదు, కండరాల మధ్య వదులుగా ఉంటుంది. అందుకే భుజాలు దగ్గరికి ముడుచుకుని సన్నటి సందులోంచి కూడా దూరిపోగలదు. దానికి హార్నెస్ మెడ దగ్గరా ఛాతీ దగ్గరా విడివిడిగా బిగించుకునేలా ఉండాలి. బరువు చూసి సైజు చెప్పడం తప్పు: 4 కిలోల పిల్లుల్లో ఒకటి పొడుగ్గా సన్నగా, ఇంకొకటి పొట్టిగా గుండ్రంగా ఉండొచ్చు.

డబ్బాలో వచ్చిన కాగితం గురించి కూడా చెప్పాలి. "హార్నెస్ వేసి వెంటనే బయటికి తీసుకెళ్లండి, ఒక్క రోజులో అలవాటవుతుంది" అని రాశారు. నేను అలా చేయలేదు. హార్నెస్‌ను ముందు అన్నం గిన్నె పక్కన పెట్టి వాసన చూడనిచ్చాను. తర్వాత వీపు మీద ఊరికే పరిచి, చికెన్ ముక్క పెట్టి తీసేశాను. మొదటిసారి పట్టీలు బిగించినప్పుడు మల్లి పక్కకు ఒరిగి కదలకుండా పడుకుంది. చాలా పిల్లులు ఒంటికి ఏదైనా చుట్టుకుంటే అలాగే చేస్తాయి, మొండితనం అనుకుని లాగకూడదు. ముక్క చూపించి రెండడుగులు నడిస్తే చాలు, తీసేయాలి. అది తోక ఎత్తి మామూలుగా తిరిగి, తినే వరకూ ఇంట్లోనే రోజూ కొద్దిసేపు వేశాను. ఆ తర్వాతే లీష్ తగిలించి, నా కళ్ల ముందు నేల మీద ఈడ్చుకుంటూ తిరగనిచ్చి, చివరికి చేత్తో పట్టుకున్నాను. ఇంత చేసినా ఇంట్లో అది బెదిరి వెనక్కి లాక్కునే అవసరం రాలేదు కాబట్టి లోపం బయటపడలేదు. మీ కాగితాన్ని నమ్మి కొత్త పిల్లిని నేరుగా రోడ్డు మీదికి తీసుకెళ్లేవారి సంగతి ఆలోచించండి.

వెనక్కి నడిస్తే జారుతుందేమో బయటికి వెళ్లకముందే తలుపులు మూసిన గదిలో చూడమనే మాట గానీ, కిందికి తీసుకెళ్లేటప్పుడు పిల్లిని క్యారియర్‌లో పెట్టి, బెదిరితే మళ్లీ దూరేలా దాని తలుపు తీసి ఉంచమనే మాట గానీ అందులో ఎక్కడా లేదు.

నేను అడుగుతున్నవి ఇవి. హార్నెస్ వెనక్కి తీసుకుని నా డబ్బు పూర్తిగా ఇవ్వండి. సైజు చార్ట్‌ను మెడ, ఛాతీ కొలతలతో సెంటీమీటర్లలో మార్చండి. ఎం సైజు ఇప్పటికే కొన్నవారందరికీ మెడ రంధ్రం గురించి హెచ్చరిక మెసేజ్ పంపండి. ఆ కాగితాన్ని ఆపేసి, పిల్లుల ప్రవర్తన తెలిసిన పశువైద్యుల చేత కొత్తది రాయించండి. డబ్బు కన్నా నాకు హెచ్చరిక మెసేజ్ ముఖ్యం, దాన్ని ఆలస్యం చేయకండి.

సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. బిల్లు, కొలతల ఫోటోలు, మల్లి ఒంటి మీద హార్నెస్ ఎలా కూర్చుందో చూపే వీడియో జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
సైనిక్‌పురి, హైదరాబాద్