ఈ ఏడాది నివేదిక, అందులో ముఖ్యంగా ఇన్వర్టర్ బ్యాటరీల గొడవ

సభ్యులందరికీ నమస్కారం. సంపు, ట్యాంకులు రెండుసార్లు కడిగించాం, లిఫ్ట్ కాంట్రాక్ట్ రెన్యూ అయింది, మెయింటెనెన్స్ బకాయిల లిస్టు నోటీసు బోర్డులో ఉంది. ఇక అందరూ అడుగుతున్నది: బ్యాటరీలకి 49,000 ఎందుకైంది?

మెట్ల లైట్లు, సీసీ కెమెరాలు నడిపే మన ఇన్వర్టర్‌కి 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలు నాలుగు, సిరీస్‌లో. అంటే వోల్టేజి కలిసి 48 అవుతుంది కానీ కెపాసిటీ 150 దగ్గరే ఉంటుంది, ఒకే కరెంటు నాలుగింటిలోంచీ పోవాలి. నిరుడు ఒకటి పోతే, తక్కిన మూడూ నాలుగేళ్లవే అయినా, డబ్బు మిగులుతుందని ఆ ఒక్కటే మార్చాం. అది మా కమిటీ తప్పే. ఆరు గంటలొచ్చే బ్యాకప్ గంటన్నరకి పడిపోయింది.

ఎలక్ట్రీషియన్ లోడ్ మీద ఒక్కో బ్యాటరీకీ మీటర్ పెట్టి చూశాడు. కొత్తది 12.1, పాతవి రెండు 11.5, 11.4, మూడో నంబరుది మాత్రం 7.0. కలిపితే 42. మన ఇన్వర్టర్ ఆగిపోయేది సరిగ్గా అక్కడే. దానికి మొత్తమే తెలుస్తుంది, ఏది ఖాళీ అయిందో తెలియదు కదా, అందుకని కొత్తదాంట్లో ఛార్జ్ దండిగా మిగిలి ఉండగానే లైట్లు ఆరిపోయేవి.

కరెంటు ఉన్నప్పుడు ఇంకో నష్టం. ఛార్జర్ 55.2 వోల్టులు ఇస్తుంది, అంటే తలా 13.8 రావాలి. మూడో నంబరులో ఒక సెల్ దెబ్బతిని అది 12 దగ్గరే ఆగితే, మిగతా మూడూ 14.4 చొప్పున రోజంతా మోశాయి. వాచ్‌మన్ మూడు వారాలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వచ్చింది అందుకే, మేమేమో ఎండలనుకున్నాం!

మీటింగులో ఒకాయన పేరలల్ పెట్టొచ్చుగా అన్నారు. నాలుగూ పేరలల్ అయితే 12 వోల్టులే, అదే లోడ్‌కి నాలుగింతల కరెంటు లాగాలి, కేబుళ్లూ ఇన్వర్టరూ మార్చాలి. పైగా అలాంటి సెల్ ఉన్న బ్యాటరీని పక్కన కలిపితే మంచివి లోడ్ లేకున్నా వాటి ఛార్జ్ దానికే పోస్తుంటాయి, అదీ బయటికి కనబడకుండా.

అందుకే ఒకే కంపెనీ, ఒకే నెల తయారీవి నాలుగూ ఒకేసారి కొన్నాం: ఒక్కోటి 14,500 చొప్పున 58,000, పాత మూడూ ఇస్తే 9,000 తగ్గింది. నిరుటిది పారెయ్యలేదు, వాచ్‌మన్ గదిలో చిన్న 12 వోల్టుల ఇన్వర్టర్‌కి ఒంటరిగా పెట్టాం, బాగానే పనిచేస్తోంది. ఇకమీదట ప్రతి నెలా ఒకటో తారీఖున లోడ్ మీద నాలుగు రీడింగులూ గేటు దగ్గర పుస్తకంలో రాస్తారు. ఏదైనా మిగతా వాటికంటే అర వోల్టు తగ్గితే సెక్రటరీకి చెప్పండి.