ఏడవలేదని ఎవరినీ ఏడిపించకండి

సంపాదకులకు నమస్కారం.

మా పర్లాకిమిడి ప్రాంతంలో ఈ మధ్య పరామర్శకు వచ్చేవాళ్ళు కొందరు ఒక కొత్త లెక్క చెబుతున్నారు. మనిషి పోయినవాళ్ళు ముందు నమ్మరు, తర్వాత కోపగిస్తారు, ఆ తర్వాత దేవుడితో బేరమాడతారు, కుంగిపోతారు, చివరికి ఒప్పుకుంటారు. ఈ అయిదూ వరసగా జరగాలట. జరగకపోతే ఏదో తేడా ఉన్నట్టేనట. ఫోన్లో చూసి నేర్చుకున్న ఈ లెక్క మా వీధిలో ఒకావిడని ఎంత బాధపెట్టిందో చూశాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆవిడ భర్త గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. పెద్దకర్మ కాగానే ఆవిడ వారసుల సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకి తిరగడం మొదలుపెట్టింది. ఒడియా చదవడం రాదు, ఫారం నింపడానికి ఎవరో ఒకర్ని బతిమాలుకోవాలి. బ్యాంకు, పింఛను, పిల్లాడి కాలేజీ ఫీజు, అన్నీ ఆవిడ మీదే పడ్డాయి. పదిమందిలో కంట తడి పెట్టలేదు. బంధువుల్లో చదువుకున్న కుర్రాడొకడు, "అత్త ఇంకా మొదటి దశలోనే ఉంది, లోపల దాచుకుంది, ఏడిపించాలి" అన్నాడు. భర్త ఫొటో ముందు కూర్చోబెట్టి, ఆయన ఆఖరి మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పించారు. ఆవిడ ఏడవలేదు, స్పృహ తప్పింది.

ఈ అయిదు దశల మాట ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలిది. 1969లో వచ్చిన ఆమె పుస్తకానికి ఆధారం, షికాగోలో చావుకి దగ్గరపడిన రోగులతో ఆమె మాట్లాడిన మాటలు. అంటే అది తాను పోతానని తెలిసిన మనిషి గురించి చెప్పింది. తర్వాతే దాన్ని వెనక మిగిలినవాళ్ళకి కూడా అంటగట్టారు. అందరూ ఒకే వరసలో నడవరని ఆమే తర్వాత రాసింది. ఆ కోపం, ఆ దిగులు నిజమైనవే. అవి ఫలానా వరసలో వస్తాయన్నదే నిలబడలేదు. కొందరికి రెండూ ఒకే పూట వస్తాయి, కొందరికి ఒకటి అసలు రాదు.

మా వీధి ఆవిడ విషయంలో నాకు సరిగ్గా సరిపోయినట్టు అనిపించేది 1999లో నెదర్లాండ్స్‌కి చెందిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ చెప్పిన పద్ధతి. మనిషి కాసేపు పోయినవాళ్ళని తలుచుకుని కుమిలిపోతాడు, కాసేపు మిగిలిన బతుకు పనుల్లో పడతాడు, మళ్ళీ దుఃఖంలోకి వెళతాడు. ఇలా అటూ ఇటూ తిరగడమే కోలుకునే తీరు అంటారు వాళ్ళు. పనిలో పడితే దుఃఖం లేనట్టు కాదు, అది ఊపిరి పీల్చుకునే సమయం. ఆవిడే నాతో అంది: "ఆఫీసు పనున్న రోజు ఏడుపు రాదమ్మా. ఆదివారం వస్తే మాత్రం ఆగదు." ఏ చదువూ లేకుండా ఆ పద్ధతంతా రెండు ముక్కల్లో చెప్పేసింది.

ఇంకో సంగతి. సాయంత్రం వేళ గుమ్మం దగ్గర ఆయన సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినబడుతోందని చెప్పడానికి ఆవిడ భయపడింది, పిచ్చి అంటారని. 1971లో వేల్స్‌లో డెవి రీస్ అనే డాక్టరు భర్త లేక భార్య పోయినవాళ్ళని అడిగితే, దాదాపు సగం మంది పోయిన మనిషి ఉనికి ఏదో రకంగా తెలిసిందన్నారు. ఒక్క దాన్నిబట్టి పిచ్చి అనెయ్యకూడదు, భూతవైద్యుడి దగ్గరికి అసలే తీసుకెళ్ళకూడదు.

అలాగని ఎంతకాలమైనా చూస్తూ ఊరుకోమని కాదు. పోయినవాళ్ళ కోసం తపన దాదాపు రోజూ అంతే తీవ్రంగా ఉండి, వంట, పని, పిల్లల సంగతి ఏదీ పట్టించుకోలేకపోతుంటే డాక్టరుకి చూపించాలి. అలా ఆరు నెలలు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వైద్యం అవసరమైన సమస్యగా లెక్కిస్తుంది. అమెరికా మానసిక వైద్యులు పెద్దవాళ్ళకి ఏడాది గడువు పెట్టుకున్నారు. సంవత్సరీకం దగ్గరపడేటప్పుడు దుఃఖం ఒక్కసారి తిరగబెట్టడం మామూలే, దాన్ని దీనితో కలపకూడదు. "నేనూ ఆయన దగ్గరికి వెళ్ళిపోతాను" లాంటి మాట వస్తే మాత్రం ఏ గడువూ లేదు, ఆ రోజే సాయం పిలవాలి.

మా జిల్లాలో ఇళ్ళకి తిరిగే ఆశా కార్యకర్తలకి ఈ తేడాలు నేర్పాలని, తెలుగు కుటుంబాల కోసం ఈ సమాచారం తెలుగులో కూడా అచ్చువేయాలని అధికారులని కోరుతున్నాను. మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. శ్రద్ధాంజలి ప్రకటనలు వచ్చే పేజీలో ఒక మూల 14416 నంబరు వేయండి. అది మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే ప్రభుత్వం వారి ఫోన్ సేవ టెలీ మానస్, కాల్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా