పాఠాన్ని జిరాక్స్ తీస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ చెన్నై పేజీలో డిస్లెక్సియా వల్ల చదవడం కష్టమయ్యే పిల్లలకు ‘పెద్దక్షరాల తెలుగు పాఠాలు’ పంచారన్న వార్త చూశాను. ఫొటోలో శాలువాలు కప్పుకున్నవాళ్లు ఆరుగురు, పిల్లాడు ఒక్కడు.

ఆ కాగితాలు మా మనవడికీ వచ్చాయి. మామూలు పేజీని జిరాక్స్‌లో ఏ4 నుంచి ఏ3కి పెంచారు, అంతే. అక్షరంతో పాటు వరస పొడవూ పెరిగింది. ఇరుకు మాత్రం పోలేదు, పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతూనే ఉన్నాయి. వరస చివరికి పోయిన చూపు, వెనక్కి వచ్చి ఎక్కడ వాలాలో తెలియక తడబడుతుంది. పాఠాన్ని మళ్లీ టైపు చేయించి, వరసల మధ్య ఎడం రెట్టింపు చేసి, వరసకు నాలుగైదు మాటలే ఉంచి, కుడి అంచు సమానంగా లేకపోయినా వదిలేయాలి. దానికి శాలువాలు అక్కర్లేదు.

అసలు పని దాని తర్వాతే మొదలవుతుంది. మావాడు ‘రాత్రి’ని ‘రార్తి’ అంటాడు. ‘త్రి’లో త మధ్యన, క్రావడి ఎడమ పక్క నుంచి కిందికి, గుడి నెత్తిమీద ఉంటాయి. కంటికి ముందు తగిలేది క్రావడి, నోటితో ముందు పలకాల్సింది త. తమిళంలో పుళ్లి అనే చుక్క పెట్టి హల్లులను ఒకదాని పక్కన ఒకటి రాస్తారు కాబట్టి అక్కడ వాడికి ఈ చిక్కు తక్కువ. “తమిళం చదువుతున్నాడుగా, తెలుగంటే బద్ధకం” అని బడివాళ్లు తీర్పు కూడా ఇచ్చేశారు!

నేను రిటైరైన తెలుగు టీచర్ని. ముందు అక్షరం చూపించకుండా ‘త్, ర్, ఇ’ అని చెవికి వినిపించి, ఒక్కో ధ్వనికి ఒక్కో వేలు మడిపిస్తాను. తర్వాత ఇసుక పళ్లెంలో త రాస్తూ ‘త్’, ఎర్ర దారంతో క్రావడి పెడుతూ ‘ర్’, పైన గుడి గీస్తూ ‘ఇ’ అనిపిస్తాను. నోరు, వేలు కలిసే కదలాలి. వేలు ముందు పోయి నోరు వెనకబడితే అది బొమ్మ గీయడమే. ఆ తర్వాతే పుస్తకంలో మాట. వచ్చిందో లేదో తేలాలంటే నేర్పని మాట ఇవ్వాలి. ‘చక్రం’, ‘మిత్రుడు’ చదివితే వచ్చినట్టు. ‘రాత్రి’ ఒక్కటే చదివితే బట్టీ పట్టినట్టు.

రంగు కళ్లద్దాలు, రంగు కాగితాలు కూడా త్వరలో పంచుతారట. వాటితో చదువు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. కానీ ఫొటోలో బాగా పడతాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ పిల్లలూ ఉన్నారు. దాని పేరు చెప్పి పరీక్ష రోజున అదనపు సమయం ఇస్తారు సరే, ఏడాది పొడవునా అదే ఇరుకు పుస్తకమా? అధికారులు పాఠాల టైపు చేసిన ఫైలు బడులకు పంపితే చాలు. ఎడం మేమే పెట్టుకుంటాం.

– ఒక రిటైర్డ్ తెలుగు టీచర్, పెరంబూరు, చెన్నై